రాత్రిపూట పిల్లలకి వెనకాల దురద: పిన్‌వార్మ్ అయితే మందు ఒక్కరికి, ఒక్కసారి వేస్తే చాలదు

ప్రశ్న: మా పాపకి ఐదేళ్లు. పది రోజులుగా రాత్రి పడుకున్న రెండు గంటలకల్లా లేచి వెనకాల దురద అని ఏడుస్తోంది, పగలు మాత్రం మామూలుగా ఆడుకుంటుంది. మలం పరీక్షలో ఏమీ లేదన్నారు. ఫిబ్రవరిలో బడిలో నులిపురుగుల మాత్ర కూడా వేశారు. అత్తగారు తీపి మానిపించమంటున్నారు. ఇంట్లో మేమిద్దరం, అత్తగారు, పాప, పది నెలల బాబు. బాబు ఇంకా పాలు తాగుతున్నాడు. ఇవి పురుగులేనా? అందరం మందు వేసుకోవాలా?

సమాధానం:

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి పిన్‌వార్మ్ అనే సన్న తెల్లపురుగులు అయ్యే అవకాశమే ఎక్కువ. ముందు రాత్రి టార్చి వేసి చూసి ఖాయం చేసుకోండి, ఎలాగో కింద చెప్తాను. కనిపిస్తే పాపకీ, మీ ఇద్దరికీ, అత్తగారికీ ఒకే రోజు మందు పడాలి, సరిగ్గా రెండు వారాలకి అందరికీ ఇంకోసారి పడాలి. బాబు సంగతి వేరు, అది విడిగా రాస్తాను. మందుతోపాటు ఆ రెండు వారాలూ ఇంట్లో పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి, అందులో అన్నిటికన్నా ముఖ్యమైనది పాపకి పొద్దున లేవగానే కడగడం.

నేను పిల్లల డాక్టర్ని, చిన్న ఊళ్ళో చాలా ఏళ్లుగా క్లినిక్ నడుపుతున్నాను. ఈ సమస్యతో వచ్చే తల్లుల్లో ఎక్కువమంది అప్పటికే ఒకసారో రెండుసార్లో మందు వేసి, తగ్గి, మళ్ళీ మొదలయ్యాక వచ్చేవాళ్లే. మందు పనిచేయలేదేమో, ఇంకా బలమైనది రాయండి అంటారు. నిజానికి మందు పనిచేస్తుంది. ఈ పురుగు ఎలా బతుకుతుందో తెలిస్తే ఎక్కడ తప్పిపోతోందో మీకే అర్థమవుతుంది, అందుకే అది కాస్త వివరంగా చెప్తాను.

పిన్‌వార్మ్ పెద్దపేగులో ఉంటుంది. ఆడపురుగు సుమారు ఒక సెంటీమీటరు పొడవు, తెల్లని కుట్టుదారం ముక్కలా ఉంటుంది. అది గుడ్లు పేగులో పెట్టదు. పిల్లలు నిద్రపోయాక మలద్వారం దాకా దిగి, బయటికి వచ్చి, చుట్టూ ఉన్న చర్మం మీద జిగురుతో సహా వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. ఆ కదలికకీ జిగురుకీ దురద. అందుకే రాత్రి ఏడుపు, పగలు ఏమీ లేకపోవడం. మీ మలం పరీక్షలో ఏమీ కనిపించకపోవడానికి కారణం కూడా ఇదే. గుడ్లు చర్మం మీద ఉంటాయి కాబట్టి మలంలో చాలామందికి దొరకవు. ఆ రిపోర్టు చూసి పురుగులు లేవని అనుకోకండి.

ఇక అసలు చిక్కు. ఆ గుడ్లు నాలుగు నుంచి ఆరు గంటల్లో ఇంకొకరికి అంటుకునే స్థితికి వస్తాయి. పాప నిద్రలో గోకుతుంది, గోళ్ల కిందికి గుడ్లు చేరతాయి, పొద్దున అదే చెయ్యి నోట్లోకి పోతుంది, మళ్ళీ కొత్త తరం మొదలు. ఇంకొన్ని గుడ్లు చెడ్డీకి, దుప్పటికి, తువ్వాలుకి అంటుకుని, అక్కడ రెండు మూడు వారాల దాకా బతికి ఉంటాయి. మింగిన గుడ్డు పురుగై, పెరిగి, మళ్ళీ గుడ్లు పెట్టడానికి సుమారు ఒక నెల, ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది.

ఇప్పుడు మందు సంగతి చూడండి. ఆల్బెండజోల్ అయినా, మెబెండజోల్ అయినా, పైరాంటెల్ అయినా పేగులో ఉన్న పురుగుని చంపుతాయి, గుడ్డుని నమ్ముకోదగ్గట్టు చంపవు. మీరు ఇవాళ మందు వేశారు, పురుగులు చచ్చాయి. కానీ దుప్పటి మీది గుడ్డు ఎల్లుండి పాప నోట్లోకి పోయింది. అది పేగులో చిన్న పురుగుగా పెరుగుతూ ఉంటుంది, ఇంకా గుడ్లు పెట్టే వయసు రాలేదు కాబట్టి దురద లేదు, మీరు తగ్గిపోయిందనుకుంటారు. రెండు వారాలకి వేసే రెండో మోతాదు ఆ పెరుగుతున్న పురుగులని, అవి గుడ్లు పెట్టకముందే పట్టుకుంటుంది. నాలుగైదు రోజులకే వేసేస్తే బయటి గుడ్లు ఇంకా బతికే ఉంటాయి, తర్వాత మింగినవి తప్పించుకుంటాయి. నెల దాటాక గుర్తొచ్చి వేస్తే అప్పటికి అవి గుడ్లు పెట్టడం మొదలుపెట్టి ఉండొచ్చు. అందుకే రెండు వారాలు అని అంత పట్టుగా చెప్తున్నాను. మొదటి మోతాదు వేసిన రోజే ఫోన్‌లో అలారం పెట్టుకోండి, ఎందుకంటే ఆ రోజుకి దురద ఉండదు, దురద లేకపోతే మందు గుర్తుండదు.

బడిలో ఫిబ్రవరిలో వేసిన మాత్ర ఎందుకు ఆపలేదన్న దానికీ ఇదే జవాబు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో వేసేది కూడా ఆల్బెండజోలే, మంచి మందే. కానీ ఆ కార్యక్రమం ముఖ్యంగా మట్టి ద్వారా వచ్చే ఏలికపాములు, కొంకిపురుగులు లాంటి వాటికోసం పెట్టినది, వాటి గుడ్లకి ముందు మట్టిలో కొన్నాళ్లు గడవాలి. పిన్‌వార్మ్‌కి మట్టి అక్కర్లేదు, చెయ్యీ దుప్పటీ చాలు. పైగా బడిలో ఒక్క మోతాదే వేస్తారు, ఇంట్లో పెద్దవాళ్లకి వెయ్యరు. కాబట్టి బడి మాత్ర తప్పకుండా వేయించండి, కానీ అది వేశాం కదా అని ఈ దురదని కొట్టిపారేయకండి.

చూసి ఖాయం చేసుకోవడం. పాప పడుకున్న రెండు మూడు గంటల తర్వాత మెల్లగా పక్కకి తిప్పి, పిరుదులు కాస్త విడదీసి, ఫోన్ టార్చి వెలుతురులో మలద్వారం చుట్టూ చూడండి. సన్నని తెల్లపోగు కనిపించి, అది కదిలితే ఇంక సందేహం లేదు. కదలకపోతే బట్ట పోగు కూడా అయ్యుండొచ్చు. మొదటి రాత్రి కనిపించకపోతే ఇంకో రెండు రాత్రులు చూడండి. ఆడపిల్లల్లో మూత్రం పోసే చోట కూడా చూడాలి, పురుగు అటు పాకి అక్కడ మంట, ఎరుపు, కొంచెం తెల్లబట్ట, ఒక్కోసారి పక్క తడపడం కూడా తెస్తుంది.

మూడు రాత్రులూ ఏమీ కనిపించకపోతే టేపు పరీక్ష ఉంది. మామూలు పారదర్శకమైన సెల్లో టేపు, పాల రంగులో ఉండే రకం కాదు. పొద్దున పాప లేవగానే, బాత్రూంకి వెళ్లకముందు, కడగకముందు, జిగురు వైపు మలద్వారం చుట్టూ చర్మానికి రెండు మూడు చోట్ల నొక్కి తీసి, ల్యాబ్‌లో ఇచ్చిన గాజు స్లైడుకి అంటించి ఇవ్వండి. వాళ్లు మైక్రోస్కోపులో గుడ్ల కోసం చూస్తారు. ఒక్కరోజు చేస్తే సగం కేసులు తప్పిపోతాయి, వరుసగా మూడు పొద్దుళ్లు చేస్తే చాలావరకు దొరుకుతాయి. చిన్న ఊళ్లలో కొన్ని ల్యాబులవాళ్లకి ఇది అలవాటు ఉండదు, ముందే అడిగి స్లైడ్లు తెచ్చుకోండి.

మోతాదు. మన దగ్గర సులువుగా దొరికేది ఆల్బెండజోల్. రెండేళ్లు దాటిన పిల్లల నుంచి పెద్దవాళ్ల దాకా 400 మిల్లీగ్రాములు ఒకసారి, రెండు వారాలకి మళ్ళీ ఒకసారి. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లలకి 200 మిల్లీగ్రాములు. సిరప్ అయితే సాధారణంగా 5 మి.లీ.లో 200 ఉంటుంది, అంటే మీ పాపకి 10 మి.లీ., కానీ సీసా మీద రాసింది చదివి పొయ్యండి. మాత్ర అయితే నమిలించండి, లేదా నలిపి నీళ్లలో కలిపి ఇవ్వండి, ఏడుస్తున్న పిల్ల నోట్లో మాత్ర కుక్కకండి, గొంతుకి అడ్డం పడుతుంది. ఒక్క పూట కొంచెం కడుపునొప్పి, వికారం రావచ్చు. దురద ఆ రాత్రికే మాయం కాదు, వారం దాకా తగ్గుతూ పోతుంది.

మందుల షాపులో అడిగితే ఐవర్‌మెక్టిన్ కలిపిన ఆల్బెండజోల్ చేతిలో పెట్టే అవకాశం ఉంది. పిన్‌వార్మ్‌కి ఆ రెండోది అవసరం లేదు, పదిహేను కిలోల లోపు పిల్లలకి అది సాధారణంగా వాడరు కూడా. ఒట్టి ఆల్బెండజోల్ అని చెప్పి తీసుకోండి, మీ డాక్టర్ చేత ఒకసారి రాయించుకుంటే ఇంకా మంచిది. ఇంట్లో ఎవరైనా గర్భిణి అయితే, కాలేయ జబ్బు ఉంటే, ఫిట్స్ వచ్చేవాళ్లు లేదా వాటికి మందు వాడేవాళ్లు ఉంటే, వాళ్లు సొంతంగా వేసుకోకూడదు, ముందు డాక్టర్‌కి చెప్పాలి. ముఖ్యంగా మొదటి మూడు నెలల గర్భంలో వద్దు. మీరు పాలిస్తున్నారు కదా, ఒక్క మోతాదు ఆల్బెండజోల్ పాలిచ్చే తల్లులకి సాధారణంగా ఇస్తూనే ఉంటాం, పాలలోకి వెళ్లేది చాలా తక్కువ. అయినా రాయించుకునేటప్పుడు ఆ మాట చెప్పండి.

బాబుకి పది నెలలే. ఏడాది లోపు పిల్లలకి ఈ మందు మీ అంతట మీరు వేయకండి. బాబుకి దురద లేదు, ఏడవడం లేదు అంటే చాలావరకు మందు లేకుండానే చూస్తాం. డైపరు మార్చినప్పుడల్లా కడిగి ఆరబెట్టడం, చేతులు తరచుగా కడగడం, పాప తువ్వాలు వాడకపోవడం, అక్క పక్కలో పడుకోబెట్టకపోవడం, ఇవి ఆరు వారాల దాకా పాటించాలి, ఎందుకంటే మందు లేనప్పుడు లోపల ఉన్న పురుగు ఆయుష్షు తీరేదాకా ఆగాలి. బాబులో పురుగు కనిపిస్తే మాత్రం పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంటిల్లిపాదికీ ఎందుకు అన్నదానికి నా దగ్గరకి వచ్చిన ఒక కుటుంబం సంగతి చెప్తాను. నాలుగేళ్ల బాబు, ఏడేళ్ల అక్క, అమ్మానాన్న, నానమ్మ. ఐదు నెలల్లో మూడుసార్లు బాబుకి మందు వేశారు, ప్రతిసారీ వారంలో తగ్గింది, ప్రతిసారీ నెలో నెలన్నరో గడిచాక మళ్ళీ మొదలైంది. నేను ముందు అడిగింది ఆ వ్యవధి గురించే. మందు వేసినా దురద అసలు తగ్గకపోతే అది పిన్‌వార్మ్ కాకపోవచ్చు, వేరే కారణం వెతకాలి. శుభ్రంగా తగ్గి నెల దాటాక తిరగబెడితే, మందు పనిచేసింది, కానీ కొత్తగా గుడ్లు మింగాడని అర్థం. నెల దాటిందంటే సరిగ్గా గుడ్డు పురుగై గుడ్లు పెట్టేందుకు పట్టే కాలం.

తర్వాత ఎవరి పక్కన ఎవరు పడుకుంటారని అడిగాను. పిల్లలిద్దరూ నానమ్మ దగ్గర, ఒకే బొంత మీద. అక్కకి దురద లేదు అంది వాళ్లమ్మ. నానమ్మని విడిగా అడిగితే, తనకీ రాత్రిళ్లు దురదగానే ఉంటుందని, మొలలేమోనని ఆయింట్‌మెంట్ రాసుకుంటున్నానని, కోడలికి చెప్పడానికి మొహమాటపడ్డానని చెప్పింది. టేపు పరీక్ష చేయిస్తే నానమ్మకీ గుడ్లు దొరికాయి, దురద లేదన్న అక్కకీ దొరికాయి. చాలామందికి పురుగులున్నా దురద ఉండదు, వాళ్లకి తెలియకుండానే ఇంట్లో మిగతావాళ్లకి ఇస్తుంటారు. అందుకే ఎవరికి దురద ఉందో వాళ్లకే వేస్తామంటే కుదరదు.

వాళ్ల నాన్న లారీ నడుపుతాడు, వారంలో చాలా రోజులు ఇంట్లో ఉండడు. ఆయన ఊళ్లో ఉండే ఆదివారం చూసుకుని ఐదుగురూ ఆ రాత్రి మందు వేసుకున్నారు, సోమవారం పొద్దున అందరి పక్కబట్టలూ ఉతికారు. రెండు వారాల తర్వాతి ఆదివారానికి ఆయన రాలేనని తెలిసి, మాత్ర ముందే లారీలో పెట్టుకుని అదే రాత్రి వేసుకున్నాడు. రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు ఎవరికీ దురద లేదు, బాబు టేపులో గుడ్లు లేవు. తర్వాతి ఏడాది బడి నుంచి మళ్ళీ తెచ్చుకున్నాడు, మళ్ళీ అదే పద్ధతిలో అందరూ వేసుకున్నారు, పోయింది. పిల్లలున్న ఇంట్లో ఇది మళ్ళీ రావడం వింతేమీ కాదు. మీ అత్తగారిని కూడా ఒకసారి మెల్లగా అడిగి చూడండి, పెద్దవాళ్లు ఈ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఆ రెండు వారాలూ ఇంట్లో. ఇల్లంతా ఫినాయిల్‌తో కడగాలని చాలామంది టెన్షన్ పడతారు, అంత అవసరం లేదు. గుడ్లు ఎక్కువగా ఉండేది పాప ఒంటి మీద, గోళ్ల కింద, పక్కలో. మీ శక్తి అంతా అక్కడ పెట్టండి.

రాత్రి పెట్టిన గుడ్లు పొద్దున ఇంకా చర్మం మీదే ఉంటాయి. పాప లేచిన వెంటనే, ఏమీ తినకముందు, వెనకాలా ముందూ సబ్బు, నీళ్లతో కడిగించండి, కుదిరితే స్నానమే చేయించండి. టబ్బులో కూర్చోబెట్టకండి, మగ్గుతో పై నుంచి పొయ్యండి, నీళ్లు కిందికి పోవాలి. బాబుని పాపతో కలిపి స్నానం చేయించకండి. తర్వాత రాత్రి వేసుకున్న చెడ్డీని అక్కడికక్కడే విడిచి నేరుగా బకెట్లో వేయించండి. కడిగిన మీ చేతులు కూడా వెంటనే సబ్బుతో, గోళ్ల కింద కూడా రుద్ది కడుక్కోండి, ఎందుకంటే ఆ చేతితోనే మీరు వంటింట్లోకి వెళ్లి ఇడ్లీ పెడతారు. మనం చేత్తో కలుపుకుని తింటాం, పిల్లలకి చేత్తోనే తినిపిస్తాం, కాబట్టి ఈ చోట అజాగ్రత్తగా ఉంటే మిగతా శుభ్రత ఎంత చేసినా ఉపయోగం ఉండదు.

గోళ్లు అందరివీ పొట్టిగా కత్తిరించండి, కత్తిరించిన ముక్కలు మంచం మీద పడనివ్వకండి. రాత్రి పాపకి వదులు గౌను ఒక్కటే కాకుండా లోపల ఒంటికి పట్టి ఉండే నూలు చెడ్డీ వెయ్యండి, నిద్రలో గోకినా గోరు నేరుగా చర్మానికి తగలదు. వేలు చీకే అలవాటు ఉంటే ఈ రెండు వారాలు గట్టిగా చూసుకోవాలి.

దుప్పటి, దిండు గలేబు మందు వేసిన మర్నాడు పొద్దున ఒకసారి ఉతకండి, రెండో మోతాదు మర్నాడు ఇంకోసారి. మధ్యలో కుదిరినప్పుడల్లా ఉతికితే మంచిదే, కానీ చెడ్డీ మాత్రం రోజూ మార్చాలి. మంచం మీద దుప్పటి పట్టుకుని దులపకండి, గుడ్లు గాలిలోకి లేచి నేల మీదా ఆటబొమ్మల మీదా పడతాయి. మెల్లగా మడిచి తీసి వేడినీళ్లలో నానబెట్టండి, మిషన్ అయితే 60 డిగ్రీల వేడి పెట్టండి. నేరుగా ఎండ తగిలేలా ఆరెయ్యండి, ఎండా పొడివేడీ ఈ గుడ్లకి పడవు. బొంతలు, పరుపు ఉతకలేరు కాబట్టి మంచి ఎండలో వెయ్యండి. పడకగది పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి. తువ్వాళ్లు ఎవరివి వాళ్లకి వేరు.

తీపి విషయం. బెల్లం, పంచదార తింటే పురుగులు పుట్టవు. గుడ్డు మింగితేనే పురుగు వస్తుంది. పళ్లకోసం తీపి తగ్గించండి, అది వేరే సంగతి, కానీ పాప చేతిలోంచి లడ్డూ లాక్కుంటే ఈ దురద పోదు. కుక్కా పిల్లీ కూడా దీనికి కారణం కాదు, ఇది మనిషి నుంచి మనిషికే వస్తుంది. వేపాకు ముద్ద, వెల్లుల్లి రసం, కిరసనాయిలు లాంటివి మలద్వారం దగ్గర పెట్టకండి. కమిలి పుండైన పిల్లలని చూశాను, ఆ పుండు మానడానికి పురుగుల కంటే ఎక్కువ రోజులు పట్టింది. నిద్ర పట్టనంత దురద ఉంటే పడుకునే ముందు కడిగి ఆరబెట్టి పల్చగా వ్యాస్‌లైన్ రాయండి, అది చాలు.

బడి మానిపించక్కర్లేదు. టీచరుకి విడిగా ఒక మాట చెప్తే మంచిది, ఎందుకంటే పక్కన కూర్చునే పిల్లలకీ ఉండొచ్చు, అయితే అందరిముందూ పాప పేరు చెప్పొద్దని కూడా చెప్పండి.

ఎప్పుడు డాక్టర్‌కి చూపించాలంటే: మలద్వారం చుట్టూ గీత గీసినట్టు ఎర్రగా ఉండి, విరేచనానికి నొప్పితో ఏడిస్తే, రక్తం చారలు కనిపిస్తే అది బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ కావచ్చు, దానికి యాంటీబయాటిక్ కావాలి. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ కూడా రాత్రి దురద ఉండి ఇంట్లో ఇంకొందరు గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. ఆడపిల్లకి మూత్రంలో మంటతోపాటు జ్వరం వస్తే ఆగకుండా మూత్ర పరీక్ష చేయించండి. గోకి గోకి చీము పట్టినా అంతే. రెండు మోతాదులూ అందరూ సరిగ్గా వేసుకున్నాక కూడా పురుగు కళ్లకి కనిపిస్తుంటే, రెండు వారాలకొకసారి ఇంకొన్ని మోతాదులు ఇవ్వాల్సి రావచ్చు, అది డాక్టర్ చూసి చెప్పాలి. వెళ్లేటప్పుడు ఏ తేదీల్లో ఎవరెవరు ఏ మందు వేసుకున్నారో ఒక కాగితం మీద రాసుకెళ్లండి, మందు తప్పిందా, కారణమే వేరా అన్నది దాన్ని చూసే చెప్పగలం. ఈలోపు ఇంట్లో ఉన్న పాత స్టెరాయిడ్ ట్యూబు, గజ్జికీ తామరకీ అన్నిటికీ పనిచేస్తుందని షాపువాళ్లిచ్చే రకం, పాపకి అక్కడ రాయకండి. దురద నాలుగు రోజులు అణగి, చర్మం పల్చబడి, లోపల ఉన్న అసలు కారణం కనిపించకుండా పోతుంది.